కిరణజన్య సంయోగక్రియ స్లైడ్లలో "నిష్కాంతి చర్య"ను ఎలా చూపాలి?

పదో తరగతి కోసం చేసిన స్లైడ్లను తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలు రెండింటికీ సరిపోయేలా మారుస్తున్నాను. 6CO₂ + 12H₂O → C₆H₁₂O₆ + 6H₂O + 6O₂ అనే సమీకరణాన్ని మార్చే పనిలేదు. హరితరేణువు పటంలో బొమ్మతో కలిసిపోయిన ఇంగ్లీషు పేర్లను చెరిపి, విడి టెక్స్ట్ బాక్సుల్లో అవర్ణిక, గ్రానా అని రాశాను.

చిక్కు "నిష్కాంతి చర్య" దగ్గర వచ్చింది. ఆ మాట చూసి అది రాత్రివేళ జరుగుతుందని పిల్లలు అనుకుంటున్నారు. ఇంగ్లీషు మాధ్యమంలోని "డార్క్ రియాక్షన్" కూడా ఇదే పొరపాటుకు దారితీస్తోంది. ఆ చర్యకు కాంతి నేరుగా అక్కర లేకపోయినా, కాంతి చర్యలో తయారయ్యే ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ కావాలి కాబట్టి అది సాధారణంగా పగటిపూటే సాగుతుంది. రెండింటిలోనూ "కాల్విన్ వలయం" అని మార్చడం మేలా, లేక పరీక్షలో కనిపించే పాత పదాన్నే ఉంచి, కాంతి చర్య నుంచి ఈ రెండు పదార్థాలూ అవర్ణికలోకి చేరుతున్నట్లు బాణాలతో చూపడం మేలా? రెండు మాధ్యమాల్లోనూ ఈ పాఠం చెప్పినవారు తెలుపగలరు.