వీసా ఇన్విటేషన్ లెటర్‌లో "బీ గ్రాంటెడ్" అని రాశా, మా సీనియర్ కరెక్టే అన్నారు, ఇంట్లో వాళ్ళు తప్పంటున్నారు

రీడింగ్_రవి
అమ్మని జూన్‌లో ఇక్కడికి, అంటే ఇంగ్లండ్‌కి, రప్పిద్దామని స్టాండర్డ్ విజిటర్ వీసాకి పెడుతున్నాం. నాన్న రావట్లేదు, ఆయన పెన్షనర్, తెనాలిలో ఇల్లూ ఆయనా అలాగే ఉంటారు, అమ్మ ఒక్కత్తే వస్తుంది. నేను రాసే ఇన్విటేషన్ లెటర్‌లో చివరి పేరాలో ఇలా రాశా: "ఐ రిక్వెస్ట్ దట్ మై మదర్ బీ గ్రాంటెడ్ ఎ విజిట్ వీసా టు స్టే విత్ మై ఫ్యామిలీ ఫ్రమ్ 10 జూన్ టు 25 ఆగస్ట్." లెటర్ టైప్ చేస్తుంటేనే "బీ" కింద నీలం గీత వచ్చింది, సరే అని గ్రూపులో పెడితే మా బావగారు (రిటైర్డ్ హెడ్మాస్టరు) మదర్ ఏకవచనం కదయ్యా, ఈజ్ గ్రాంటెడ్ అనాలి, బీ ఏంటి బీ అని ఫోన్ చేసి మరీ క్లాసు పీకారు.

మా ఆఫీసులో ఒకావిడ ఉన్నారు, ఇక్కడి మనిషే, చాలా ఏళ్ళుగా టెండర్ లెటర్లన్నీ ఆవిడ చూశాకే బయటికెళ్తాయి. ప్రింటు ఆవిడ డెస్క్ మీద పెట్టి వెళ్తే సాయంత్రానికి పసుపు చీటీ అంటించి ఇచ్చారు. అందులో ఉన్నది తెలుగులో చెప్తే: "వాక్యం శుభ్రంగా ఉంది, కదపొద్దు. రిక్వెస్ట్ దట్ తర్వాత బీ యే రావాలి. షుడ్ బీ అన్నా ఎవరూ తప్పనరు కానీ నేనైతే ఇలాగే ఉంచుతాను. మీ అమ్మగారికి ఇక్కడి ఎండాకాలం చూసి నవ్వొస్తుందేమో, స్వెట్టర్ తెచ్చుకోమనండి." అంతే. ఎందుకో మాత్రం రాయలేదు. ఎవరికైనా ఇదే అనుభవమైతే చెప్పండి, బావగారికి ఏం చెప్పాలో అర్థం కావట్లా.

సిడ్నీ_శ్రీను
నాకు తెలిసి అది అమెరికన్ వాడుక బ్రో. అమెరికా వాళ్ళు బీ అంటారు, బ్రిటిష్ వాళ్ళు షుడ్ బీ అంటారు. నువ్వు రాస్తోంది యూకేకి కాబట్టి షుడ్ లేకపోతే తప్పు కిందే లెక్క.

నందిగామ_లెక్చరర్
శ్రీను గారు సగం కరెక్టు. అమెరికాలో ఈ బీ ఎక్కువ వినిపిస్తుంది, బ్రిటన్‌లో షుడ్ బీ కూడా బాగా వాడతారు, అంతవరకూ నిజమే. కానీ బ్రిటన్‌లో బీ తప్పు అనేది లేదు, ఫార్మల్ లెటర్లలో, కోర్టు కాగితాల్లో, మీటింగ్ తీర్మానాల్లో అది ఎప్పట్నుంచో ఉన్నదే. మాట్లాడేటప్పుడు ఈజ్ అనేసేవాళ్ళు కూడా అక్కడ ఉన్నారు, అది వేరే సంగతి. రవి గారి సీనియర్ రెండు ముక్కల్లో చెప్పిందే సరైన మాట.

ఎందుకో అడిగారు కాబట్టి నేను క్లాసులో చెప్పే పద్ధతిలో చెప్తా. దట్ తర్వాత వచ్చేది జరిగిన విషయమా, జరగమని అడుగుతున్న విషయమా అని చూసుకోండి. అమ్మగారికి వీసా ఇంకా రాలేదు, ఇవ్వమని అడుగుతున్నారు. రిక్వెస్ట్, ఆస్క్, రికమెండ్, సజెస్ట్, డిమాండ్ లాంటి అడిగే మాటల తర్వాత దట్ వస్తే క్రియ మొహం కడుక్కోకుండా ఉన్నదున్నట్టు వస్తుంది, ఎస్ చేరదు, ఈజ్ అవ్వదు, ఏకవచనం బహువచనం పట్టించుకోదు. అందుకే బావగారి ఏకవచనం రూలు ఇక్కడ పనిచేయదు, ఆయన రూలు మంచిదే, చోటు ఇది కాదు.

పరీక్ష కావాలంటే వాక్యాన్ని గతంలోకి తోయండి. "ఐ రిక్వెస్టెడ్ దట్ మై మదర్ బీ గ్రాంటెడ్." రిక్వెస్ట్ మారింది, బీ కదల్లేదు. లేదా నాట్ పెట్టి చూడండి, "దట్ షీ నాట్ బీ కెప్ట్ వెయిటింగ్" అని నాట్ బీ కి ముందు కూర్చుంటుంది. మామూలు ఈజ్ అయితే నాట్ వెనకాల వస్తుంది కదా. ఈ రెండూ నిలబడితే బీ సరైనట్టే.

కాకినాడ_కుర్రోడు
అయ్యబాబోయ్ ఇన్నాళ్ళూ నేను "ఐ రిక్వెస్ట్ యు టు కైండ్లీ గ్రాంట్" అనే రాస్తున్నా అండి, ఇంజనీరింగ్‌లో లీవ్ లెటర్ కాడ్నుంచి బ్యాంకు లెటర్ దాకా అదే, ఇప్పుడు అది తప్పా ఏంటి

నందిగామ_లెక్చరర్
తప్పని ఎందుకంటాను, మన దేశంలో కోట్ల లెటర్లు దాని మీదే నడుస్తున్నాయి, చదివేవాళ్ళకి అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో రిక్వెస్ట్ కంటే ఆస్క్ పెట్టి "ఆస్క్ యు టు" అనడం అలవాటు, అంతే.

డల్లాస్_అల్లుడు
మా అత్తమామలకి బీ2 కి వెళ్ళినప్పుడు లెటర్ ఎవరూ చూడనే లేదు, ఫైలు కూడా తెరవలేదు, కౌంటర్లో కొడుకు ఏం చేస్తాడు, ఎన్నాళ్ళుంటారు, మళ్ళీ ఎప్పుడొస్తారు అని అడిగి పంపేశారు. లెటర్‌కి ఇంత తల బద్దలుకొట్టుకోవడం ఎందుకు? డీఎస్-160 జాగ్రత్తగా నింపుకోండి చాలు.

రీడింగ్_రవి
అన్నా ఇది యూకే అన్నా, డీఎస్-160 ఇక్కడ లేదు.

వరంగల్_స్వాతి
డల్లాస్ అన్న చెప్పింది అమెరికాకి కరెక్టే, అక్కడ విజిటర్ వీసాకి ఇన్విటేషన్ లెటర్ అవసరమే లేదు, ఇంటర్వ్యూలనే తేలిపోతది. యూకే గట్ల కాదు. మనోళ్ళు వీఎఫ్‌ఎస్‌ల వేలిముద్రలు, ఫోటో ఇచ్చి వస్తరు, అక్కడ మనల్ని ప్రశ్నలడిగి నిర్ణయం తీసుకునేటోళ్ళు ఎవ్వరుండరు, తర్వాత మామూలుగా కాగితాలు చూసే తేలుస్తరు. అందుకే లెటర్ చదువుతరు. కానీ బీ ఉన్నదా ఈజ్ ఉన్నదా అని కాదు చదివేది, అందులో ఉన్న విషయం ఫారంల ఉన్నదానికి కలుస్తున్నదా అని.

మా పెద్దమ్మ కేసు చెప్తా. బర్మింగ్‌హామ్‌ల ఉన్న మా అన్న లెటర్ రాసిండు, ఇంగ్లీషు మస్తు ఉంటది ఆయనది, కామా కూడా పోదు. లెటర్ల మూడు నెలలు అని రాసిండు. ఫారం నింపింది హన్మకొండల ఇంటర్నెట్ సెంటర్ పిలగాడు, వాడు ఆరు వారాలు అని పెట్టిండు. లెటర్ల ఖర్చులన్నీ నేనే భరిస్తా అని ఉన్నది, ఫారంల పెద్దమ్మ సొంత డబ్బులు అని ఉన్నది. పైంగ అప్లై చేసే ముందు నెలల పెద్దమ్మ అకౌంట్ల మూడు లక్షలు ఒక్కసారి పడ్డయ్, అవి ఎక్కడియో ఒక్క కాగితం లేదు. రిఫ్యూజ్ అయింది. రిఫ్యూజల్ లెటర్ల V 4.2 అని నంబర్ వేసి, ఎన్ని రోజులుంటరో స్పష్టంగ లేదు, డబ్బు ఎక్కడిదో తెలుస్తలేదు, కాబట్టి నిజమైన విజిటరేనని, గడువు లోపల తిరిగిపోతరని నమ్మకం కలుగుతలేదు అని రాసిర్రు. గ్రామర్ మాట ఒక్కటి లేదు. విజిటర్ వీసాకి అప్పీలు లేదు కాబట్టి మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ పెట్టుకున్నరు. రెండోసారి అదే లెటర్, తేదీలు మార్చి, ఆ మూడు లక్షలు అమ్మిన ప్లాటు అడ్వాన్సు అని అగ్రిమెంటు కాగితం జత చేసిర్రు, తెలుగుల ఉన్నదాన్ని ఇంగ్లీషుల సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్ చేయించి. వచ్చేసింది.

రవి తమ్ముడూ నీ 10 జూన్, 25 ఆగస్టు ఫారంల కూడా అట్లనే ఉన్నయా చూసుకో ముందు.

రీడింగ్_రవి
చూశా అక్కా, ఫారంలో నాన్న 12 జూన్ అని పెట్టారు, ఇంకా సబ్మిట్ చెయ్యలేదు, మార్పిస్తున్నా. దీనికోసమైనా థ్రెడ్ పెట్టడం మంచిదైంది.

ఇంకో డౌట్ లెక్చరర్ గారూ. మీరు చెప్పింది చదివి పైన పేరాలో కూడా అదే పద్ధతిలో మార్చా: "ఐ కన్ఫర్మ్ దట్ మై మదర్ బీ స్టేయింగ్ అట్ మై అడ్రస్." ఇది ఓకేనా?

నందిగామ_లెక్చరర్
అయ్యో వద్దండీ! కన్ఫర్మ్ అంటే అడగడం కాదు, ఉన్న విషయం చెప్పడం. అక్కడ "విల్ బీ స్టేయింగ్" అనాలి. ఒకే లెటర్లో రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టే జనం తడబడతారు. పై పేరాల్లో మీరెవరు, అమ్మగారు మీకేమవుతారు, మీ వీసా స్టేటస్ ఏంటి, ఎక్కడుంటారు, టికెట్టు ఖర్చు ఎవరిది, ఇవన్నీ విషయాలు, అక్కడ ఈజ్, విల్. చివరి పేరాలో ఒక్క చోట అడుగుతున్నారు, అక్కడ బీ.

ఇంకో చిక్కు కూడా చూస్తుంటా. మర్యాద ఎక్కువవ్వాలని "ఐ వుడ్ బీ గ్రేట్‌ఫుల్ ఇఫ్ మై మదర్ బీ గ్రాంటెడ్" అని మార్చేస్తారు. దట్ పోయి ఇఫ్ వచ్చాక ఆ బీ నిలవదు. అక్కడ "ఇఫ్ మై మదర్ వర్ గ్రాంటెడ్" అనో, ఇంకా తేలిగ్గా "ఇఫ్ యు కుడ్ గ్రాంట్ మై మదర్" అనో రాయండి. సగం పాత వాక్యం సగం కొత్తది కలిపితేనే తప్పులొస్తాయి, అందుకే మీ సీనియర్ కదపొద్దన్నారేమో.

సిడ్నీ_శ్రీను
సరే బీ తప్పు కాదు ఒప్పుకుంటా. కానీ చదివే ఆఫీసరుకి కూడా రవి బావగారిలాగే అనిపిస్తే? షుడ్ బీ పెడితే ఎవరికీ ఏ అనుమానం రాదు కదా, బావగారూ సైలెంట్, సాఫ్ట్‌వేరూ సైలెంట్. నేనైతే అదే పెడతా.

నందిగామ_లెక్చరర్
అది మీ ఇష్టం, నేను వాదించను. నాకు మాత్రం "షుడ్ బీ గ్రాంటెడ్" అంటే ఇచ్చి తీరాలి అన్నట్టు కొంచెం గట్టిగా వినిపిస్తుంది. బ్రిటిష్ వాళ్ళకి అలా వినిపించదు, అది మన చెవి సంగతి కావచ్చు.

కాకినాడ_కుర్రోడు
"ఐ గ్యారంటీ దట్ షీ విల్ రిటర్న్" అని ఒక లైను పడెయ్యండి రవి గారూ, గట్టిగా ఉంటాది

వరంగల్_స్వాతి
రాస్తే నష్టం లేదు కానీ దాని మీద ఆశ పెట్టుకోకు. కొడుకు హామీ ఇచ్చిండని కాదు, ఆమె ఎందుకు తిరిగి పోతది అన్నది ఆమె కాగితాలల్ల కనపడాలె. నాన్న తెనాలిలనే ఉంటున్నడు, ఆయన పెన్షన్ కాగితం, ఇంటి పన్ను రసీదు అమ్మ పేరు మీదనో నాన్న పేరు మీదనో, అవి పెట్టుర్రి. నువ్వు ఖర్చు పెట్టుకుంటున్నవు కాబట్టి నీ పేస్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, నీ స్టేటస్ చూపించేది, ఇవి నీ వైపు నుంచి.

రీడింగ్_రవి
అవన్నీ స్కాన్ చేసి పెట్టా అక్కా. బీ అలాగే ఉంచేశా, కన్ఫర్మ్ దగ్గర విల్ బీ చేశా. చీటీ ఫోటో తీసి బావగారికి పంపితే "ఇంగ్లీషు వాళ్ళకి ఇంగ్లీషు రాదు" అని రిప్లై ఇచ్చారు, ఇంక నేనేం మాట్లాడను. లాస్ట్ ప్రశ్న, లెటర్ మీద సంతకం పెన్నుతో పెట్టి స్కాన్ చేస్తే సరిపోతుందా, లేక ఒరిజినల్ కొరియర్‌లో తెనాలి పంపాలా?

వరంగల్_స్వాతి
మేమైతే సంతకం పెట్టి స్కాన్ చేసి అప్‌లోడ్ చేసినం, ఒరిజినల్ ఎవ్వరడగలే. అమ్మ బ్యాగుల ఒక ప్రింటు పెట్టు, దిగినంక ఇమిగ్రేషన్ కాడ కొడుకు అడ్రస్ అడిగితే చూపెట్టుకుంటది.