సేల్ బ్యానర్ కింది చిన్న అక్షరాలు: నా అనువాదం సరిగ్గా ఉందా?

అమ్మ కోసం ఒక సేల్ బ్యానర్ ఫొటో చూసి తెలుగులో రాస్తున్నాను. పైన "ఫ్లాట్ 50% + ఎక్స్‌ట్రా 20%" అని ఉంది. అమ్మ 70% తగ్గింపు అనుకుంది. నా లెక్కలో వందకి ముందు యాభై పోతుంది, మిగిలిన యాభైలో 20% అంటే పది. కట్టాల్సింది నలభై, అంటే తగ్గింపు 60 శాతమే. అంతేనా?

"సెలెక్ట్ స్టైల్స్" అంటే మనం ఎంచుకున్నవి అని మొదట రాసేశాను! షాపువాళ్లు ఎంపిక చేసినవి మాత్రమే కదా?

"కెనాట్ బి కంబైన్డ్ విత్ అదర్ ఆఫర్స్" అన్నది ఈ అదనపు 20 శాతానికీ వర్తిస్తుందా, లేక కూపన్లు, మెంబర్‌షిప్ కార్డులకేనా?

అసలు టెన్షన్ చివరి లైనుతో. మడతపడి "...క్లూడ్స్ న్యూ అరైవల్స్" అని మాత్రమే కనిపిస్తోంది. అది ఇన్‌క్లూడ్సా, ఎక్స్‌క్లూడ్సా? స్టార్ గుర్తు కింద ఉంది కాబట్టి కొత్త సరుకుకి తగ్గింపు లేదనే అనుకుంటున్నాను. మీరేమంటారు?