ఎనిమిది భాగాల సిరీసా, ఎనిమిది విడి వీడియోలా?

పాతచక్రం:
సైకిలు మరమ్మతుల చానల్‌కు వారానికి ఒక వీడియో చొప్పున 12 వారాల క్యాలెండర్ వేస్తున్నాను. మరమ్మతు, కొనుగోలు సలహాలు, దూర ప్రయాణాలు అని మూడు మూల అంశాలు పెట్టుకున్నాను. పాత సైకిలును పూర్తిగా విప్పి మళ్లీ బిగించే పనిని 8 భాగాల సిరీస్‌గా ఇవ్వాలా, విడి వీడియోలుగా ఇవ్వాలా?

సూటిమాట:
సిరీస్ వద్దే వద్దు. మొదటి భాగాన్ని చూసినవారిలో సగం మంది కూడా రెండోదానికి రారు. వ్యూస్ అలా వరుసగా పడిపోతుంటే యూట్యూబ్ చానల్ మొత్తాన్నీ పక్కన పెట్టేస్తుంది. ప్రతి వీడియో దానంతట అది నిలబడాలి.

గేరుమార్పు:
ముందు క్యాలెండర్‌ను లెక్కపెట్టి చూడండి. మూడు అంశాలను వారానికొకటి చొప్పున తిప్పితే 12 వారాల్లో మరమ్మతుకు దక్కేవి నాలుగే. ఆ లెక్కన ఎనిమిదో భాగం 22వ వారంలో వస్తుంది, పైగా భాగానికీ భాగానికీ మధ్య మూడు వారాల ఎడం ఉంటుంది. అలాకాక వరుసగా పెడితే ఎనిమిది వారాలు ఒక్క అంశానికే పోయి, మిగిలిన రెండింటికీ చెరో రెండు వారాలే మిగులుతాయి. అంటే మీరు రాసుకున్న మూడు అంశాలు కాగితం మీదే ఉంటాయి.

అందుకే ఒక్కో భాగాన్నీ విడిగా పరీక్షించండి: ముందు భాగం చూడనివారికి ఇది ఉపయోగపడుతుందా? పెడల్ విప్పడాన్నే తీసుకోండి. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది కనుక గడియారపు ముల్లు తిరిగే వైపు తిప్పితేనే అది వదులవుతుంది. ఈ సంగతి తెలియక దాన్ని మరింత బిగించుకున్నవారు సమాధానం కోసం వెతుకుతారే తప్ప, మీ పాత సైకిలు కథ కోసం రారు. కాబట్టి అది విడి వీడియో కావాలి, దాని శీర్షిక ‘ఎడమ పెడల్ ఊడటం లేదా?’ అని మొదలవ్వాలి. అదే వీడియోకు ‘భాగం 3’ అని పేరు పెడితే, అవసరం ఉన్నవారు కూడా మొదటి రెండూ చూడాలేమోనని వెనుదిరుగుతారు. తుప్పు వదిలించడం, సైకిలులో ఏ భాగాన్ని ఉంచాలో ఏది మార్చాలో తేల్చుకోవడం, మళ్లీ బిగించడం, చివరికి తొక్కి చూడటం మాత్రం ఒకదాని మీద ఒకటి ఆధారపడినవి. వాటిని నాలుగు భాగాల సిరీస్‌గా చేయండి.

దారివెంట:
మూడు అంశాలు ఎక్కువండీ, రెండు చాలు.

ఆరోభాగం:
నేను ఇదే పని పది భాగాలుగా మొదలుపెట్టాను. ఒక దుకాణం నుంచి రావలసిన చక్రం రాకపోవడంతో ఆరో భాగం దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత నేను ఏ వీడియో పెట్టినా కింద ‘ఏడోది ఎప్పుడు?’ అనే అడిగారు. సిరీస్ అంటే అప్పు, తీర్చలేనివారు చేయకూడదు.

గేరుమార్పు:
మీ బాధ నిజమే, కానీ అది సిరీస్ తెచ్చిన బాధ కాదు. పని పూర్తికాకముందే మొదటి భాగం విడుదల చేయడం వల్ల వచ్చింది. ఆఖరి భాగం చిత్రీకరణ ముగిశాకే మొదటిదాన్ని బయటపెట్టాలి.

సూటిమాట:
నా లెక్కకు ఎవరూ జవాబు చెప్పలేదు. వ్యూస్ పడిపోతాయా, పడిపోవా?

గేరుమార్పు:
పడిపోతాయి. అయితే అంకెలు ఎలా పడుతున్నాయో చూడాలి. నాలుగు భాగాలకు 1,000, 600, 520, 500 వచ్చాయనుకుందాం. కేవలం ఆసక్తితో తొంగిచూసినవారు వెళ్లిపోగా, ఒక గుంపు చివరిదాకా నిలిచిందని అర్థం. 1,000, 500, 250, 120 వస్తే మాత్రం ప్రతి భాగమూ తర్వాతిదాని మీద ఆశ పుట్టించలేకపోయింది. యూట్యూబ్ చానల్‌ను శిక్షిస్తోందనడం సరికాదు; ఎదురుగా కనిపించిన నాలుగో భాగాన్ని మొదటిది చూడనివారు ఎంచుకోవడం లేదు, అంతే.

సూటిమాట:
ఆ 500 మందితో చానల్ పెరుగుతుందా? మీరు ఉన్నవారిని నిలుపుకోవాలంటున్నారు, నేను లేనివారిని తెచ్చుకోవాలంటున్నాను. మూడేళ్లు పాత ప్రేక్షకులనే సంతోషపెడుతూ కూర్చున్నాను, కొత్తవారు ఒక్కరూ రాలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గేరుమార్పు:
ఈ మాట మీరు మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. మీ చానల్‌కు మీ సలహా సరైనదే. పాతచక్రం గారూ, యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకుల విభాగం తెరిచి, కొత్తవారెందరో తిరిగి వస్తున్నవారెందరో చూడండి. వెతుక్కుంటూ వచ్చి మళ్లీ రానివారే ఎక్కువైతే సిరీస్ అవసరం మీకుంది.

పాతచక్రం:
చూశాను, తిరిగి వచ్చేవారు చాలా తక్కువ. మరమ్మతుకున్న నాలుగు వారాల్లో రెండు విడి వీడియోలకు ఇచ్చి, సిరీస్‌ను రెండు భాగాలకు కుదిస్తాను. పెడల్ వీడియో చివరి 20 సెకన్లలో ఎండ్ స్క్రీన్ మీద సిరీస్ ప్లేలిస్ట్‌ను చూపిస్తాను.

గేరుమార్పు:
రెండు భాగాలతో అలవాటు ఏర్పడదు. ప్రయాణాల నుంచి రెండు వారాలు తీసుకుని నాలుగు చేయండి.

సూటిమాట:
ప్రయాణాలను ముట్టుకోవద్దు. కొత్తవారు వచ్చేది అక్కడినుంచే.