అప్‌డేట్: 4 లక్షల బిల్లుకు వడ్డీ లెక్క తేలింది

నా ప్రశ్న: "బెంగళూరు పీణ్యాలో మాది సూక్ష్మ యూనిట్. ఆర్డర్‌లో 60 రోజుల గడువు రాశారు, కంపెనీ ఏడు నెలలు దాటాక అసలు మాత్రమే కట్టింది. వడ్డీ ఎప్పటి నుంచి, ఎంత?"

60 రోజులని రాసుకున్నా, చిన్న పరిశ్రమలకు రక్షణ ఇచ్చే ఎంఎస్ఎంఈడీ చట్టం ముందు చెల్లదు, 45 రోజులే గరిష్ఠం. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. సరుకు 2024 మార్చి 1న అందింది. 15 రోజుల్లోపు రాతపూర్వక అభ్యంతరం రాలేదు కాబట్టి అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. గడువు ఏప్రిల్ 15తో ముగిసింది, వడ్డీ 16 నుంచి మొదలు. డబ్బు అక్టోబర్ 15న పడింది, అంటే సరిగ్గా ఆరు నెలలు.

రేటు ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు. చాలామంది రెపో రేటు పట్టుకుని లెక్క తక్కువ చేసుకుంటారు. అప్పట్లో బ్యాంక్ రేటు 6.75, కాబట్టి 20.25 శాతం, నెలనెలా చక్రవడ్డీ:

```
=400000*((1+0.2025/12)^6-1)
```

వచ్చేది రూ. 42,248. బారువడ్డీ అయితే 40,500 దగ్గరే ఆగేది.

ముందు ఈ లెక్కతో నోటీసు, కదలకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు. అది ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే మన రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే వెళ్తుంది, కొనుగోలుదారు చెన్నైలో ఉన్నా సరే. ఆర్డర్, ఇన్‌వాయిస్, డెలివరీ చలాన్ మీద ముద్ర, ఎంఎస్ఎంఈగా నమోదైనట్టు చూపే ఉద్యం సర్టిఫికెట్ జతచేయాలి. ఉద్యం తేదీ సరఫరా కంటే ముందుదా అన్నదే అవతలి వకీలు మొదట చూసేది. వడ్డీ చేతికొచ్చాక దానిమీదా జీఎస్టీ ఉంటుందండీ, అది మర్చిపోవద్దు.