సిలికాన్‌లో 3s, 3p పట్టీలు కలిసిపోయాక మళ్లీ ఎందుకు విడిపోతాయి?

హనుమకొండలో ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. శక్తి పట్టీల పాఠంలో ఒక అంశంపై స్పష్టత కావాలి.

N సిలికాన్ పరమాణువులు దగ్గరవుతున్నకొద్దీ 2N స్థానాలున్న 3s స్థాయి, 6N స్థానాలున్న 3p స్థాయి చీలి పట్టీలుగా విస్తరించి, చివరకు 8N స్థానాల ఒకే పట్టీగా కలుస్తాయి. అక్కడితో ఆగితే, ఉన్న 4N ఎలక్ట్రాన్లు ఆ పట్టీని సగమే నింపుతాయి కనుక సిలికాన్ లోహం కావాలి. కానీ పాఠ్యపుస్తకాల్లోని పటంలో, పరమాణువులు ఇంకా దగ్గరైతే ఆ పట్టీ 4N, 4N స్థానాలుగా విడిపోయి, నిండిన సంయోజక పట్టీకి, ఖాళీ వహన పట్టీకి మధ్య సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరం మిగులుతుంది. ఈ విడిపోవడానికి కారణం చాలా పుస్తకాలు చెప్పవు.

ప్రతి పరమాణువు చతుర్ముఖి ఆకృతిలో నాలుగు పొరుగు పరమాణువులతో బంధం ఏర్పరచడం వల్ల, బంధక స్థాయిలు కిందికి, ప్రతిబంధక స్థాయిలు పైకి పోతాయని నేను భావిస్తున్నాను. 1414 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి ఆ అమరిక చెదిరిన సిలికాన్ లోహంలా విద్యుత్తును ప్రవహింపజేయడం ఇందుకు అనుకూలంగానే కనిపిస్తుంది. ఈ వివరణ సరైనదేనా?

సరైనదైతే, అదే అమరిక ఉన్న వజ్రంలో అంతరం సుమారు 5.5 ఎలక్ట్రాన్ వోల్టులుగా ఉండి అది విద్యుద్బంధకం కావడానికి, బంధం పొడవు 2.35 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 1.54కు తగ్గడం ఒక్కటే చాలునా, లేక s, p స్థాయిల మధ్య శక్తి భేదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.