ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా ట్రాన్స్‌ఫార్మర్ వేడి దిగట్లేదు: రెండు రేడియేటర్లు చల్లగా ఉన్నాయి

విశాఖలో ఒక ఫ్యాక్టరీ సబ్‌స్టేషన్ చూస్తుంటాను. మాది 132/33 కెవి ట్రాన్స్‌ఫార్మర్, ఓనాన్‌లో 25 ఎంవీఏ, ఓనాఫ్‌లో 31.5. ఆయిల్ పంపులు లేవు. మొన్న మధ్యాహ్నం బయట 35 డిగ్రీలు, లోడు 27 ఎంవీఏ ఉన్నప్పుడు టాప్ ఆయిల్ 79, వైండింగ్ 94 చూపించాయి. అలారం 95కి పెట్టి ఉంది. నిరుడు ఇదే లోడుకి వైండింగ్ 84 దాటలేదు.

ముందు ఫ్యాన్లనే అనుమానించాను. కరెంటు, తిరిగే దిశ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సముద్రగాలికి పట్టిన ఉప్పు, దుమ్ము కడిగించినా రెండు డిగ్రీలే తగ్గింది. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఎనిమిది రేడియేటర్లూ చూశాను. ఆరింటిలో పైన 76, కింద 61. మిగతా రెండూ పైనుంచి కిందిదాకా 40 దగ్గరే. అంటే వాటిలో ఆయిల్ కదలట్లేదు. మాకు ఆయిల్ వేడికి తనంతట తాను పైకెక్కి, రేడియేటర్‌లో చల్లారి కిందికి దిగాల్సిందే. అది ఆగిన రేడియేటర్‌కి ఎంత గాలి కొట్టినా లాభం లేదు.

ఆయిల్ లెవెల్ బాగానే ఉంది. ఆదివారం షట్‌డౌన్‌లో ఆ రెండింటి పై ఎయిర్ ప్లగ్గులు వదులు చేస్తే గాలి రాలేదు, ఆయిలే వచ్చింది. పైనా కిందా వాల్వుల హ్యాండిల్స్ తెరిచినట్టే ఉన్నాయి. లోపలి డిస్క్ హ్యాండిల్‌తో పాటు తిరగట్లేదేమో అనిపిస్తోంది. ప్రస్తుతం లోడు 25 లోపే ఉంచుతున్నాం.

రేడియేటర్ ఆయిల్ మొత్తం తీయకుండా, ఇరుక్కున్నది పై వాల్వా, కింది వాల్వా అని ఎలా తేల్చుకోవాలి?