చాట్ మెసేజ్‌లకు కసాండ్రా అన్నాను, "మాంగో ఎందుకు వద్దు?" అన్నారు. తర్వాత ఏం చెప్పాలి?

గోదారోడు:
వచ్చే వారం ఇంటర్వ్యూలో సిస్టమ్ డిజైన్ రౌండ్ ఉంది, కాస్త టెన్షన్‌గా ఉంది. నాది ఐదేళ్ల జావా, పనంతా ఒరాకిల్ మీదే. మాక్ రౌండ్‌లో ఫ్రెండ్ గ్రూప్ చాట్ డిజైన్ చేయమన్నాడు. మెసేజ్‌లు కసాండ్రాలో పెడతానన్నాను. "మాంగోడీబీ అయితే ఏం? రెడిస్ అయితే ఏం?" అన్నాడు. రాతలు ఎక్కువ, స్కేల్ అవుతుంది అన్నాను. "మిగతావీ స్కేల్ అవుతాయి కదా" అన్నాడు. ఆ పైన నా దగ్గర మాట లేదు. మీరైతే ఏం చెప్తారు?

కోడ్‌కారం:
ఇంత ఆలోచన ఎందుకు బ్రో. ఫీల్డులు మారుతూ ఉంటే మాంగో లాంటి డాక్యుమెంట్, ఐడీ ఇచ్చి విలువ తెచ్చుకోవడమే అయితే రెడిస్ లాంటి కీ వాల్యూ, రాతలు ఎక్కువైతే కసాండ్రా లాంటి వైడ్ కాలమ్. నేను ఇదే చెప్పి పాసయ్యాను. అసలు చాట్‌కి మాంగో కూడా బాగానే సరిపోతుంది. ఒక గ్రూపుకి ఒక డాక్యుమెంట్, లోపల మెసేజ్‌ల అర్రే. గ్రూపు తెరిస్తే ఒక్క రీడ్‌తో అన్నీ వస్తాయి.

పాతసర్వర్:
నేను ఈ రౌండ్లు తీసుకుంటూ ఉంటాను. కోడ్‌కారం గారి మొదటి మాట తప్పు కాదు, కానీ దాని తర్వాతే నా అసలు ప్రశ్న మొదలవుతుంది. అర్రే డిజైన్ మాత్రం నిలబడదు. మాంగోలో ఒక డాక్యుమెంట్ 16 ఎంబీ దాటకూడదు. మెసేజ్ 500 బైట్లు అనుకుంటే 30 వేల పైచిలుకు మెసేజ్‌లకే నిండిపోతుంది. హడావుడిగా ఉండే గ్రూపుకి అదెంత? పైగా చివరి 50 మెసేజ్‌లే కావాలన్నా సర్వర్ ఆ డాక్యుమెంట్ మొత్తాన్ని డిస్క్ నుంచి లేపాలి.

గోదారోడు గారూ, డేటాబేస్ పేరు చివర్లో చెప్పండి. ముందు ఏం చదువుతామో చెప్పండి. చాట్‌లో ముఖ్యమైన రీడ్ ఒకటే: "ఈ గ్రూపులో ఫలానా మెసేజ్‌కి ముందున్న 50, కొత్తవి ముందు." తర్వాత లెక్క వేయండి. రోజుకి 10 కోట్ల మెసేజ్‌లు అనుకుందాం. సగటున సెకనుకి 1,150 దాకా రాతలు, రద్దీ వేళ ఐదింతలు అనుకుంటే 6 వేల లోపు. రోజుకి 50 జీబీ, ఏడాదికి 18 టీబీ, మూడు కాపీలతో 55 టీబీ. రెడిస్ డేటాని ర్యామ్‌లో ఉంచుతుంది కాబట్టి దాని సంగతి ఇక్కడే తేలిపోతుంది. ఏడాది కింద ఎవరో పంపిన "గుడ్ మార్నింగ్"ని ఎవరూ ర్యామ్‌లో ఉంచరు. ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో చూపడానికి మాత్రం రెడిసే పెట్టండి. యూజర్ ఐడీ కీ, 30 సెకన్ల గడువు. పోయినా నష్టం లేదు, మళ్లీ వస్తుంది.

ఇక మిగిలిన రీడ్‌కి టేబుల్ ఇలా:

```sql
CREATE TABLE messages (
  channel_id bigint,
  bucket int,
  message_id bigint,
  author_id bigint,
  body text,
  PRIMARY KEY ((channel_id, bucket), message_id)
) WITH CLUSTERING ORDER BY (message_id DESC);
```

ఒక గ్రూపులో ఒక బకెట్ మెసేజ్‌లన్నీ ఒకే పార్టిషన్‌లో, అంటే ఒకే చోట, టైమ్ వరుసలో ఉంటాయి. `message_id`లోనే టైమ్ ఇమిడి ఉండేలా తయారు చేస్తాం కాబట్టి విడిగా సార్టింగ్ అక్కర్లేదు. కసాండ్రా ఎందుకు అంటే "నా రీడ్ ఆకారమూ దాని నిల్వ ఆకారమూ ఒకటే" అని ఈ టేబుల్ చూపించి చెప్పండి.

బెంగళూరు_బస్సు:
అయితే మా ప్రొడక్ట్ కేటలాగ్ మాంగోలో ఉంది, మార్చేయాలా? ఒక్కో వస్తువుకి ఒక్కో రకం ఫీల్డులు, వారానికి నాలుగు కొత్తవి వస్తాయి. రంగు, సైజు, బ్రాండ్ అన్నిటి మీదా ఫిల్టర్లు ఉన్నాయి.

పాతసర్వర్:
వద్దు తల్లీ, కదపకండి. మీ రీడ్ ఏ ఫీల్డ్ మీద వస్తుందో ముందే తెలియదు. అది డాక్యుమెంట్‌కి సరిగ్గా సరిపోయే పని. అదే కసాండ్రాలో అయితే దాదాపు ఒక్కో ఫిల్టర్ తీరుకి ఒక్కో టేబుల్ రాసుకోవాల్సి వస్తుంది.

గోదారోడు:
`bucket` ఎందుకు? గ్రూపు ఐడీ ఒక్కటే పార్టిషన్ కీ అయితే సరిపోదా?

పాతసర్వర్:
పార్టిషన్ పెరుగుతూనే ఉంటుంది. అది మరీ పెద్దదైతే డిస్క్‌లోని ఫైళ్లను కలిపే కంపాక్షన్ నానా తంటాలు పడుతుంది. డిస్కార్డ్ వాళ్లు 2017లో తమ డిజైన్ గురించి రాశారు. 2015 నవంబర్‌కి వాళ్ల మాంగోలో 10 కోట్ల మెసేజ్‌లు చేరి, డేటా, ఇండెక్స్ ర్యామ్‌లో పట్టక, రీడ్ ఎంతసేపు పడుతుందో చెప్పలేని పరిస్థితి వచ్చింది. కసాండ్రాకి మారి, పార్టిషన్ 100 ఎంబీ లోపు ఉండాలని పది రోజులకొక బకెట్ పెట్టుకున్నారు. దీనికీ ఒక ఖర్చుంది. నెలకో మెసేజ్ వచ్చే గ్రూపులో 50 మెసేజ్‌లు కావాలంటే ఖాళీ బకెట్లు తిరగేస్తూ వెనక్కి పోవాలి. అది మీరే ముందు చెప్తే బాగుంటుంది.

డల్లాస్_తెలుగు:
మా టీమ్ అంతా డైనమోడీబీ. పార్టిషన్ కీ, సార్ట్ కీ పెడితే పైన చూపించిన టేబులే వస్తుంది. దాన్ని కీ వాల్యూ అంటారు, పని మాత్రం ఇలాగే చేస్తుంది. అందుకే ఈ మూడు రకాల గోడలు మరీ గట్టివేం కావు. కాకపోతే ఐటమ్ 400 కేబీ దాటకూడదు, ఒక పార్టిషన్‌కి సెకనుకి 1,000 రైట్ యూనిట్ల పరిమితి ఉంది. నోడ్లు కాపలా కాసే పని తప్పుతుంది. నేనైతే చాట్‌కి అదే చెప్తాను.

పాతసర్వర్:
చెప్పండి, నేను మార్కులు తగ్గించను. బిల్లు గురించి మాత్రం అడుగుతాను. రోజుకి 10 కోట్ల రాతలకి డబ్బు కట్టడం మేలా, మనుషుల్ని పెట్టి క్లస్టర్ నడపడం మేలా అన్నది టీమ్‌ని బట్టి ఉంటుంది.

కోడ్‌కారం:
సరే, అర్రే వద్దు. మెసేజ్‌కి ఒక డాక్యుమెంట్ పెట్టి, గ్రూపు ఐడీ, మెసేజ్ ఐడీ మీద ఇండెక్స్ వేసి షార్డ్ చేస్తే? అప్పుడు మాంగోకి ఏం తక్కువ?

పాతసర్వర్:
ఇది మంచి ప్రశ్న. నడుస్తుంది. తేడా రెండు చోట్ల. ఇండెక్స్‌లో మెసేజ్‌లు పక్కపక్కనే ఉన్నా డాక్యుమెంట్లు డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉంటాయి, కాబట్టి పాత మెసేజ్‌లు తెరిస్తే 50 చోట్ల వెతకాల్సి రావచ్చు. ఇక ఒక షార్డ్‌లో రాతలు తీసుకునే ప్రైమరీ పడిపోతే కొత్త ప్రైమరీ ఎన్నికయ్యే కొన్ని సెకన్లు అక్కడ రాతలు ఆగుతాయి. కసాండ్రాలో మిగిలిన కాపీలు రాత తీసుకుంటాయి. రోజుకి 10 లక్షల మెసేజ్‌ల యాప్ అయితే మీ డిజైన్‌తో నేను వాదించను.

డల్లాస్_తెలుగు:
కసాండ్రా అన్నవాళ్లని నేను డిలీట్ గురించే అడుగుతాను. అక్కడ చాలామంది తడబడతారు.

పాతసర్వర్:
అవును. డిలీట్ అంటే టూంబ్‌స్టోన్ అనే గుర్తు రాయడమే. మామూలు సెట్టింగ్‌లో అది కనీసం పది రోజులు ఉంటుంది, రీడ్ వాటన్నిటినీ దాటుకుంటూ పోవాలి. డిస్కార్డ్‌లో ఒక ఛానెల్‌లో లక్షల మెసేజ్‌లు తీసేసి ఒక్కటే మిగిల్చారు. దాన్ని ఎవరైనా తెరిస్తే కసాండ్రా పది సెకన్ల పాటు జీసీలో ఇరుక్కుపోయేది. ఇంకో చిక్కు, ఒకరు ఎడిట్ చేస్తుండగా ఇంకొకరు డిలీట్ చేస్తే. కసాండ్రాలో అప్‌డేట్ కూడా కొత్త రాతే కనుక, చెరిపిన వరుస కీ, బాడీ మాత్రమే ఉన్న సగం వరుసగా లేచి కూర్చుంటుంది. వాళ్లు `author_id` ఖాళీగా కనిపిస్తే ఆ వరుసని తీసేసేవారు.

గోదారోడు:
చివరికి వాళ్లు కసాండ్రా వదిలేశారట కదా? ఇంటర్వ్యూలో అది ఎత్తితే?

పాతసర్వర్:
2022లో సిల్లాడీబీకి మారారు, 177 నోడ్‌లు 72 అయ్యాయి. కానీ అదీ వైడ్ కాలమే, కసాండ్రా క్వెరీ భాషే. మారింది ఇంజిన్, డేటా మోడల్ కాదు. పెద్ద గ్రూపులో ఒక ప్రకటన రాగానే అందరూ ఒకే పార్టిషన్ మీద పడే సమస్య ఇంజిన్ మారిస్తే పోదు. దానికి డేటాబేస్ ముందు ఒక సర్వీస్ పెట్టి, ఒకే వరుస కోసం ఒకేసారి వచ్చిన రిక్వెస్టులన్నిటికీ ఒక్క క్వెరీతో జవాబిచ్చారు.

బెంగళూరు_బస్సు:
మరి మెసేజ్‌లలో మాట వెతకాలంటే? ఈ టేబుల్‌తో కుదరదు కదా.

డల్లాస్_తెలుగు:
కుదరదు. ఎలాస్టిక్‌సెర్చ్‌కి విడిగా పంపాలి. రెండిటికీ తేడా రాకుండా ఎలా చూస్తారని అడిగితే మాత్రం ఇంకో అరగంట.